ఐదు లక్షల షేర్ల ఆర్డర్ వెంట నడిస్తే ట్రేడర్ పని ఏంటో అర్థమైంది: నా అనుభవం

తిరుపతికి వచ్చినప్పుడల్లా మా వీధిలో ఇంజనీరింగ్, ఎంబీఏ చదివే పిల్లలు అడిగేది ఒకటే. "అక్కా, నువ్వు ట్రేడర్‌వి కదా, ఏ షేరు పెరుగుతుందో చెప్పు" అని. నా ఉద్యోగంలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగరు. ఏ షేరు కొనాలో తేల్చేవాళ్లు వేరే ఉన్నారు, దాన్ని పదిమందికి చెప్పేవాళ్లు వేరే, కొనడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టేవాళ్లు ఇంకా వేరే. వీళ్లందరి మధ్యలో ట్రేడర్ ఎక్కడ కూర్చుంటారో నిర్వచనాలు చెబితే ఎవరికీ గుర్తుండదు, అందుకే నా కళ్లముందు జరిగిన ఒక్క ఆర్డర్ కథ మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నా. షేరు పేరు, కంపెనీల పేర్లు చెప్పను. ధరలు, సంఖ్యలు కూడా లెక్క తేలిగ్గా ఉండేలా గుండ్రంగా మార్చాను.

ముందు నేనెక్కడున్నానో చెప్పాలి. ఎస్వీ యూనివర్సిటీలో ఎంబీఏ అయ్యాక ముంబయిలో ఒక బ్రోకింగ్ కంపెనీలో ట్రైనీగా చేరాను. మనలాంటి వాళ్లకి డీమ్యాట్ ఖాతా తెరిచే విభాగం కాదు, మ్యూచువల్ ఫండ్లు, ఇన్సూరెన్స్ కంపెనీలు, విదేశీ ఫండ్లకి మాత్రమే పని చేసే విభాగం. దీన్నే సెల్ సైడ్ అంటారు. జనం డబ్బు చేతిలో పెట్టుకుని పెట్టుబడి పెట్టే ఫండ్లేమో బై సైడ్. డబ్బు బై సైడ్‌ది, నిర్ణయం కూడా వాళ్లదే. సెల్ సైడ్ వాళ్లకి రీసెర్చ్ ఇస్తుంది, ఆర్డర్లు అమలు చేసి పెడుతుంది, దానికి బ్రోకరేజీ తీసుకుంటుంది. ట్రైనీలని రీసెర్చ్‌లో కొంతకాలం, సేల్స్‌లో కొంతకాలం, డీలింగ్ రూమ్‌లో కొంతకాలం, గణిత సూత్రాలతో ట్రేడింగ్ ఖర్చులు లెక్కకట్టే క్వాంట్ టీమ్‌లో కొంతకాలం తిప్పేవాళ్లు. అలా తిరుగుతూ ఉండబట్టే ఒకే షేరు ఒక బల్ల మీంచి ఇంకో బల్లకి రావడం చూడగలిగాను.

మొదలైంది మన ఊళ్లోనే. శ్రీసిటీలో ప్లాంట్ ఉన్న ఒక ఏసీల కంపెనీ మీద రిపోర్టు రాయడానికి మా అనలిస్ట్ జూన్ నెలలో వచ్చారు, తెలుగు వచ్చని నన్ను వెంట తీసుకొచ్చారు. ప్లాంట్‌లో ఆయన చూసింది మెషీన్లని కాదు, ఎన్ని షిఫ్టులు నడుస్తున్నాయి, గేటు దగ్గర లారీలు లోడుతో బయటికి వెళుతున్నాయా, ఆగి ఉన్నాయా అని. మాటల మధ్యలో అక్కడి అధికారి ఒకరు "ఈ క్వార్టర్‌లో ఇప్పటిదాకా అమ్మకాలు..." అని మొదలుపెట్టగానే మా అనలిస్ట్ చెయ్యి అడ్డంపెట్టి ఆపేశారు. కంపెనీ ఇంకా బయటపెట్టని ఫలితాల సమాచారం చెవిన పడితే సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కింద రిపోర్టు మొత్తం పక్కన పెట్టాల్సి వస్తుంది, వచ్చిన పనీ పోతుంది. అందుకని ఆయన ఎవరైనా వెళ్లి తెలుసుకోగలిగిన చోటికే వెళ్లారు, అంటే తిరుపతిలో ఏసీలు అమ్మే షాపులకి. గాంధీ రోడ్డు వైపు ఒక షాపాయన నాతో అన్నమాట ఇంకా గుర్తుంది. "మే నెలలో వానలు పడితే ఏసీలు ఎవురు కొంటారమ్మా, గోడౌన్ నిండా పెట్టెలే ఉండాయి. మీరు అడిగే కంపెనీవి మాత్రం తక్కువే, వాళ్లు తెలివిగా ఏప్రిల్‌లోనే సరుకు పంపడం తగ్గించేసినారు." అనలిస్ట్ ఇలాంటి మాటల్ని చిత్తూరు, నెల్లూరు, చెన్నై షాపుల నుంచి కూడా పోగేసి, ఎండాకాలం క్వార్టర్ బాగోదు కానీ ఈ కంపెనీకి దెబ్బ మిగతావాళ్లకంటే తక్కువ తగులుతుంది అన్న తీర్పుకి వచ్చారు.

అనలిస్ట్ తీర్పు చివరికి ఒక సంఖ్యగా మారుతుంది. వచ్చే ఏడాది ఒక్కో షేరుకి 16 రూపాయల లాభం రావచ్చు, దానికి 30 రెట్లు ఇవ్వొచ్చు, కాబట్టి టార్గెట్ 480. అప్పుడు మార్కెట్లో ధర 400 దగ్గర ఉంది. గమనించండి, ఈ 480 ఏడాది తర్వాతి మాట. రేపు 395 అయినా, ఎల్లుండి 410 అయినా అనలిస్ట్‌కి నిద్ర చెడదు, ఆ 16 రూపాయలు తప్పితేనే చెడుతుంది. ఇంకో సంగతి, ఆ షేరుని ఆయన సొంతానికి కొనుక్కోలేరు, రిపోర్టు వచ్చే ముందు 30 రోజులు, తర్వాత 5 రోజులు అందులో లావాదేవీ చేయకూడదని సెబీ 2014 రీసెర్చ్ అనలిస్ట్ నిబంధనల్లో ఉంది. రిపోర్టు విడుదలయ్యేదాకా డీలింగ్ రూమ్ వాళ్లకి కూడా అందులో ఏముందో తెలియదు. ఒకే ఆఫీసులో, ఒకే అంతస్తులో ఉన్నా మధ్యలో కార్డుతో తెరుచుకునే తలుపు ఉంటుంది.

రిపోర్టు వచ్చిన రోజు నేను సేల్స్ వాళ్ల పక్కన కూర్చున్నాను. సేల్స్ అంటే చీటీ పట్టుకుని షేర్లు అంటగట్టడం అని నేను అనుకునేదాన్ని, అక్కడ చూస్తే అది జ్ఞాపకశక్తితో చేసే పని. ముప్పై పేజీల రిపోర్టుని మా సేల్స్ మేడమ్ ఒక ఫండ్ మేనేజర్‌కి "మేలో వానలు పడ్డా డీలర్ల దగ్గర వీళ్ల స్టాక్ మిగల్లేదు" అని ఒక వాక్యంలో చెప్పారు, ఇంకొకరికి అదే రిపోర్టుని "కంప్రెసర్లు ఇక్కడే తయారుచేస్తే మార్జిన్ ఎంత పెరుగుతుంది" అన్న కోణంలో చెప్పారు, మూడో ఆయనకి అసలు ఫోనే చేయలేదు, ఎందుకంటే ఆయన ఫండ్‌లో ఆ రంగం షేర్లు ఇప్పటికే పరిమితి దాకా ఉన్నాయి. ఎవరికి ఏది కావాలో తెలియడమే ఆవిడ విద్య. ఆవిడ పని బాగుందా లేదా అన్నది ఫండ్లు ఏడాదిలో ఒకటి రెండుసార్లు బ్రోకర్లకి వేసే మార్కుల్లో తేలుతుంది. రీసెర్చ్‌కి ఇన్ని, సేల్స్‌కి ఇన్ని, ఆర్డర్ అమలుకి ఇన్ని అని మార్కులు వేసి, దాని ప్రకారమే బ్రోకరేజీ పంచుతారు.

జులైలో నన్ను డీలింగ్ రూమ్‌కి మార్చారు. అక్కడ ట్రేడర్లనే డీలర్లు అంటారు. మొబైల్ బయట లాకర్‌లో పెట్టి లోపలికి రావాలి, లోపల ఫోన్లన్నీ రికార్డవుతాయి. ఒక ఉదయం మార్కెట్ తెరిచాక ఒక మ్యూచువల్ ఫండ్ డీలర్ నుంచి ఆర్డర్ వచ్చింది, అదే షేరు, 2 లక్షలు కొనాలి, రోజంతా మెల్లగా, మార్కెట్ వాల్యూమ్‌లో పదో వంతు మించకుండా, 412 దాటి కొనకూడదు. ఆ షేరులో రోజుకి సగటున 20 లక్షల షేర్లు చేతులు మారేవి. నా పక్కనున్న సీనియర్ డీలర్ లిమిట్ చూసి "వెనకాల ఇంకా ఉంది" అన్నారు, అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. నిజమే, ఉంది. ఫండ్ మేనేజర్ కొనమన్నది 5 లక్షలు, అంటే 20 కోట్లు. ఆ సంగతి మాకు మూడో రోజు సాయంత్రానికి గానీ పూర్తిగా తెలియలేదు. బై సైడ్ డీలర్ మొత్తం సంఖ్యని సెల్ సైడ్‌కి సాధారణంగా ఒకేసారి చెప్పరు, చెబితే ఆ సమాచారం ఎంత కట్టుదిట్టమైన గదిలోంచైనా బయటికి పొక్కుతుందేమోనన్న భయం. ఆ భయానికి కారణం ఉంది, పెద్ద ఆర్డర్ వస్తోందని తెలిసి ముందే సొంతానికి కొనుక్కోవడం ఫ్రంట్ రన్నింగ్, సెబీ అలాంటి కేసులు చాలానే పట్టుకుంది.

ఇక్కడే ట్రేడర్ పని మొదలవుతుంది, అది అనలిస్ట్ పనికి ఎంత దూరంలో ఉందో చూడండి. ఈ షేరు మంచిదా కాదా అన్నది నిర్ణయమైపోయింది. ఇప్పుడున్న ప్రశ్న వేరు. రోజుకి 20 లక్షలే తిరిగే షేరులో మనం 5 లక్షలు కొనాలి. ఒక్కసారిగా కొంటే అమ్మేవాళ్లు రేటు పెంచేస్తారు, మన కొనుగోలే మన ధరని పైకి తోస్తుంది. మెల్లగా కొంటే ఆ తోపు తగ్గుతుంది కానీ, రోజులు గడిచేకొద్దీ ధర దానంతటది ఎటైనా పోవచ్చు. ఈ షేరు రోజుకి మామూలుగా 2 శాతం అటూ ఇటూ ఊగేది, అంటే 8 రూపాయలు. తొందరపడితే ఖర్చు ఖాయం, ఆలస్యం చేస్తే ఖర్చు ఎంతో తెలియదు. తొమ్మిదింపావు నుంచి మూడున్నర దాకా ట్రేడర్ బుర్ర నిండా ఈ రెండింటి మధ్య తూకమే.

మొదటి రోజు మా డీలర్ 2 లక్షలు సగటున 402కి కొన్నారు. ఆర్డర్‌ని కంప్యూటరే కొనుక్కుంటూ పోయే ఆల్గోలో పడేసి కాఫీకి వెళ్లిపోవడం కాదు. మధ్యాహ్నం పన్నెండు తర్వాత వాల్యూమ్ పడిపోయినప్పుడు పదో వంతు నిబంధన ప్రకారం వేగం తగ్గించారు, చివరి అరగంటలో వాల్యూమ్ పెరిగినప్పుడు పెంచారు. స్క్రీన్ మీద అమ్మకానికి ఒకే రేటు దగ్గర పదే పదే 500, 500 షేర్లు కనపడుతుంటే "వెనకాల పెద్ద అమ్మకందారు ఎవరో ఉన్నారు, తొందరపడి రేటు పెంచొద్దు" అని నాకు చూపించారు. నిజంగా పెద్ద అమ్మకందారు ఉంటే మనం కొన్న వెంటనే అదే రేటుకి మళ్లీ షేర్లు వచ్చి నిలబడతాయి, లేకపోతే రేటు పైకి జరిగిపోతుంది. అదే గుర్తు.

రెండో రోజు ఇంకో 2 లక్షలు వచ్చాయి. సేల్స్ ట్రేడర్ అని ఒకరుంటారు, సేల్స్‌కీ డీలింగ్‌కీ మధ్య మనిషి, కంపెనీ కథ చెప్పరు, ఎవరికి ఏ వైపు ఆర్డర్ ఉండొచ్చో తెలుసుకుంటూ ఉంటారు. ఆయన దగ్గర ఇదే షేరు అమ్మాలనుకుంటున్న ఇంకో ఫండ్ ఉంది. కొనేవాళ్లెవరో అమ్మేవాళ్లకి చెప్పకుండా, అమ్మేవాళ్లెవరో కొనేవాళ్లకి చెప్పకుండా, ఇద్దరికీ ఒప్పుదలైన రేటు 403 అని తేల్చారు. పరిమాణం భారీ ఆర్డర్లకి విడిగా ఉండే బ్లాక్ డీల్ విండోకి సరిపోయేంత పెద్దది కాదు, అందుకని రెండు ఆర్డర్లూ మామూలు మార్కెట్ స్క్రీన్ మీదే కలవాలి, మధ్యలో వేరేవాళ్ల ఆర్డర్ ముందుంటే కొంత వాళ్లకే పోతుంది. అలా 1.5 లక్షల షేర్లు 403కి దొరికాయి, మిగతా 50 వేలు 404కి. ఈ ఒక్క ఫోన్ కాల్ వల్ల మార్కెట్‌ని కదిలించకుండా మూడో వంతు దాకా పని అయిపోయింది, ఫండ్లు సెల్ సైడ్‌కి డబ్బులిచ్చేది ఇందుకే. విదేశాల్లో పెద్ద బ్యాంకుల ట్రేడర్లయితే అవతలి వైపు ఎవరూ లేకపోయినా బ్యాంకు సొంత డబ్బుతోనే రేటు ఇచ్చేస్తారు, ఆ రిస్కు వాళ్లదే. మన దగ్గర షేర్లలో సంస్థలకి పని చేసే బ్రోకర్ ఎక్కువగా మధ్యవర్తే. ప్రభుత్వ బాండ్లలో ప్రైమరీ డీలర్లు మాత్రం కొనే రేటు, అమ్మే రేటు రెండూ ఇచ్చి సొంతంగా నిలబడతారు, అక్కడి సెల్ సైడ్ ట్రేడర్ బతుకు పూర్తిగా వేరు.

మూడో రోజు సాయంత్రం కంపెనీ ఫలితాలు. మిగిలిన లక్ష షేర్ల ఆర్డర్ పొద్దున్నే వచ్చింది, ధర 406 దాటేసింది. ఫలితాలకి ముందే కొనేయాలా, ఆగాలా? ఇది డీలర్ తీసుకునే నిర్ణయం కాదు. ఫండ్ డీలర్ వాళ్ల మేనేజర్‌ని అడిగి, ముందే పూర్తి చేయమంటున్నారని చెప్పారు. సగటున 407కి కొన్నాం. మొత్తం 5 లక్షలకి సగటు 403.50.

సాయంత్రం ఫలితాలు అనుకున్నదానికన్నా పాడుగా వచ్చాయి, మర్నాడు షేరు 380కి పడింది. గదిలో ఎవరూ మా డీలర్‌ని నిందించలేదు, అది చూసి నాకు ఆశ్చర్యమేసింది. ఆ నష్టం కొనాలన్న నిర్ణయానిది, ఫండ్ మేనేజర్ ఖాతాలో పడుతుంది. మా అనలిస్ట్ 16 రూపాయల అంచనాని 15కి తగ్గించి, టార్గెట్‌ని 450 చేసి, ఎందుకు తగ్గించారో క్లయింట్లకి రాత్రంతా కూర్చుని రాశారు. డీలర్‌ని కొలిచే కర్ర వేరే.

ఆ కర్ర దగ్గరే అసలు గొడవ. తర్వాతి వారం ఫండ్ డీలర్‌తో జరిగిన సమీక్షలో మావాళ్లు చెప్పింది, ఆ మూడు రోజుల మార్కెట్ సగటు ధర, వీవాప్ అంటాం కదా, అది 404.20 అయితే మేం 403.50కే కొన్నాం, షేరుకి 70 పైసలు మిగిల్చాం అని. ఫండ్ డీలర్ ఒప్పుకోలేదు. "మా మేనేజర్ నిర్ణయం తీసుకున్నప్పుడు ధర 400. నేను 403.50 పెట్టాను. షేరుకి మూడున్నర రూపాయలు, మొత్తం 17.5 లక్షలు పోయింది, నాకు లెక్క అదే" అన్నారు. ఇద్దరి లెక్కా తప్పు కాదు. కానీ వీవాప్‌లో ఒక లోపం ఉంది, మన కొనుగోళ్లే ఆ సగటులో భాగం. మనం గట్టిగా కొని రేటుని పైకి తోస్తే వీవాప్ కూడా పైకి వస్తుంది, అప్పుడు మన పని బాగున్నట్టే కనిపిస్తుంది. నిర్ణయం నాటి ధరతో కొలిచే పద్ధతిని ఇంప్లిమెంటేషన్ షార్ట్‌ఫాల్ అంటారు, ఆండ్రే పెరోల్డ్ 1988లో రాశారు దీని గురించి, అందులో దాక్కోవడానికి చోటు లేదు. ఇప్పుడు బై సైడ్‌లో కూర్చున్నాక నేను చూసుకునేది కూడా ఈ రెండో లెక్కే.

అదే సమీక్షలో మా క్వాంట్ రీసెర్చర్ ఉన్నారు, ఆ తర్వాత నేను వెళ్లింది ఆయన టీమ్‌కే. 17.5 లక్షలు ఎక్కువా తక్కువా అని అడిగితే ఆయన బోర్డు మీద ఇంత రాశారు.

```
impact ≈ σ × √(Q / V)
2% × √(5 / 20) = 2% × 0.5 = 1%
```

రోజుకి షేరు ఎంత ఊగుతుంది, మన ఆర్డర్ రోజు వాల్యూమ్‌లో ఎంత భాగం, ఈ రెండూ తెలిస్తే చాలు, ఖర్చు సుమారుగా వచ్చేస్తుంది. ఆర్డర్ నాలుగింతలు పెరిగితే శాతంలో ఖర్చు రెండింతలే అవుతుంది, వర్గమూలం ఉంది కాబట్టి. అంచనా 1 శాతం అంటే 4 రూపాయలు, అయింది మూడున్నర. మా డీలర్ మొహం వెలిగింది. అప్పుడు క్వాంట్ అన్నారు, "ఈ ఒక్క ఆర్డర్‌ని బట్టి మీరు మంచి డీలర్ అని నేను చెప్పలేను, చెడ్డ డీలర్ అని కూడా చెప్పలేను." ఎందుకంటే ధర రోజుకి 2 శాతం దానంతటదే ఊగుతుంటే, అర్ధ రూపాయి తేడా డీలర్ పనితనమో గాలివాటమో ఎలా తెలుస్తుంది? ఇద్దరు డీలర్ల మధ్య 0.1 శాతం నిజమైన తేడా ఉందని కాస్త నమ్మకంగా చెప్పాలంటే ఒక్కొక్కరివి వేలల్లో ఆర్డర్లు కావాలని లెక్క వేసి చూపించారు. ఆయన పని చేసేది ఈ షేరు మీద కాదు, వేల ఆర్డర్ల పట్టిక మీద. ఏసీలు అమ్ముడవుతున్నాయా లేదా అని ఆయనకి అక్కర్లేదు, షేరు పేరు కూడా ఆయన పట్టికలో ఒక కోడ్ మాత్రమే. కానీ ఫలితాల రోజున తన సూత్రం పనికిరాదని, రెండో రోజు దొరికిన ఆ అమ్మకందారుని తన సూత్రం ఊహించలేదని ఆయనే చెప్పారు. ఆ ఖాళీల్లోనే డీలర్ ఉద్యోగం ఉంది.

తర్వాత ఫండ్ హౌస్‌లో డీలర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళితే వాళ్లు అడిగింది దాదాపు ఆ మూడో రోజు ప్రశ్నే. లక్ష షేర్లు మిగిలున్నాయి, మధ్యాహ్నం రెండయింది, సాయంత్రం ఫలితాలు, ధర లిమిట్‌కి దగ్గర్లో ఉంది, ఏం చేస్తావు? షేరు పెరుగుతుందా పడుతుందా అని నేను చెప్పబోతే వాళ్లకి ఆసక్తి ఉండేది కాదు. మిగిలిన గంటన్నరలో ఎంత వాల్యూమ్ రావచ్చు, అందులో మనం ఎంత తీసుకుంటే రేటు ఎంత కదులుతుంది, ఏ బ్రోకర్ దగ్గర అమ్మకందారు ఉండొచ్చు, ఇవన్నీ ఫండ్ మేనేజర్‌కి రెండు వాక్యాల్లో చెప్పి నిర్ణయం అడుగుతానని చెప్పాను. వెంటనే "మేనేజర్ ఫోన్ ఎత్తకపోతే?" అన్నారు. రాతపూర్వకంగా ఉన్న ఆదేశం ఎంతవరకుందో అంతే చేస్తాను, దాటను అన్నాను. ఉద్యోగం వచ్చింది.

ఐఐటీ తిరుపతి పిల్లలు కొందరు ప్రాప్ ట్రేడింగ్ కంపెనీల గురించి అడుగుతున్నారు. అక్కడ క్లయింట్ ఉండడు, కంపెనీ సొంత డబ్బు. సేల్స్ ఉండదు, క్వాంట్‌కీ ట్రేడర్‌కీ మధ్య గీత చాలా పల్చన, ఇంటర్వ్యూలో సంభావ్యత లెక్కలు, నోటి లెక్కలు, రెండు వైపులా రేటు చెప్పే ఆటలు ఉంటాయి. నేను పైన చెప్పిన డీలర్ పనికి అది దగ్గరి చుట్టం కూడా కాదు.

ఉద్యోగ ప్రకటనలు చూసేటప్పుడు పేరుని నమ్మకండి. మన తిరుపతిలో బ్రోకర్ ఫ్రాంచైజీ ఆఫీసులో టెర్మినల్ ముందు కూర్చుని కస్టమర్లు ఫోన్‌లో చెప్పిన ఆర్డర్లు కొట్టే మనిషినీ డీలర్ అంటారు, ఫండ్ హౌస్‌లో 20 కోట్ల ఆర్డర్ పంచేవాళ్లనీ డీలరే అంటారు. "ట్రేడర్ కావాలి" అని ఉంటే లోపల చదవండి. ఎక్సెల్‌లో కంపెనీ మోడల్, రిపోర్టు రాయడం అని ఉంటే అది అనలిస్ట్ పని, దానికి సెబీ శిక్షణ సంస్థ పెట్టే ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్ 15 పరీక్ష అడుగుతారు. ఈక్విటీ డెరివేటివ్స్ టెర్మినల్ మీద కూర్చోవాలంటే సిరీస్ 8. క్లయింట్లని తీసుకురావాలి, నెలకి ఇంత టార్గెట్ అని ఉంటే పైన ఏం రాసినా అది సేల్స్ ఉద్యోగమే. ఏమీ అర్థం కాకపోతే ఇంటర్వ్యూలో నేరుగా అడగండి, ఏడాది చివర నా పనిని ఏ సంఖ్యతో కొలుస్తారు అని.